ఒక్క ఫోటోతో ఫేస్ స్వాప్ సరిపోతుందా, ఆ ఇద్దరి కోసమే విడిగా మోడల్ ట్రైన్ చేయాలా?

బెజవాడ ఎడిటర్

అందరికీ నమస్కారం. మేం ఒక షార్ట్ ఫిల్మ్ తీశాం. అందులో కాలవ గట్టు మీద బైక్ సీన్ హీరో బదులు డూప్ చేశాడు. ఇప్పుడు డూప్ ముఖం తీసి హీరో ముఖం పెట్టాలి. మొత్తం మూడు షాట్లు, 24 ఫ్రేముల లెక్కన 45 సెకన్లు, అంటే 1080 ఫ్రేములు.

మొదటిది వైడ్. బైక్ దూరం నుంచి వస్తుంది. 1080p ఫ్రేములో ముఖం నుదుటి నుంచి గడ్డం దాకా 90 పిక్సెళ్ళు కూడా ఉండదు. రెండోది మిడ్ షాట్. డూప్ వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తల పక్కకి తిప్పుతాడు, దాదాపు పూర్తి ప్రొఫైల్ వస్తుంది. మూడోది క్లోజప్. బండి ఆపి, అరచేత్తో మూతి తుడుచుకుని, కెమెరా వైపు చూసి పెద్దగా నవ్వుతాడు. ఇక్కడ ముఖం 500 పిక్సెళ్ళు దాటుతుంది.

మా హీరోకి పై పళ్ళ మధ్య సందు ఉంది, ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంది. మిగతా సినిమా అంతా అవి కనిపిస్తూనే ఉంటాయి. నేను `inswapper_128.onnx`తో ఒక్క ఫోటో ఇచ్చి మూడు షాట్లూ చేసి చూశాను. వైడ్ చాలా బాగా వచ్చింది. క్లోజప్‌లో మాత్రం పళ్ళ సందు లేదు, పుట్టుమచ్చ లేదు. హీరోలాగే ఉన్నాడు గానీ హీరో తమ్ముడేమో అనిపిస్తోంది. ఇది ఫోటో మారిస్తే సరిపోతుందా, లేక డీప్‌ఫేస్‌ల్యాబ్‌లో ఇద్దరికీ కలిపి మోడల్ ట్రైన్ చేయాల్సిందేనా? నా దగ్గర 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉంది.

మోడరేటర్ శారద

చర్చ మొదలయ్యే ముందు ఒక్క ప్రశ్న. హీరో, డూప్ ఇద్దరూ ఒప్పుకున్నారా? 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖం వేరే అమ్మాయి వీడియోకి అతికించి తిప్పిన గొడవ తర్వాత ఇక్కడ ఈ నియమం పెట్టుకున్నాం. ముఖం ఎవరిది, ఒళ్ళు ఎవరిది, ఇద్దరి అనుమతీ ఉందా అన్నది మొదటే చెప్పాలి.

బెజవాడ ఎడిటర్

ఉందండీ. ఇద్దరి దగ్గరా సంతకాలతో కాగితం రాయించుకున్నాం. ఈ మూడు షాట్లకే అని కూడా అందులో ఉంది. ట్రైనింగ్‌కి హీరో ఫుటేజ్ వాడతామని మాత్రం విడిగా రాయలేదు.

మోడరేటర్ శారద

అది కూడా రాయించుకోండి. ట్రైన్ చేసిన మోడల్ మీ దగ్గర ఉండిపోతుంది కాబట్టి, సినిమా అయ్యాక దాన్ని ఏం చేస్తారో కూడా అందులో చెప్పండి.

సుబ్బు టెక్

బ్రదర్, ఇద్దరిద్దరికీ ట్రైన్ చేయడం పాత పద్ధతి. 2017 చివర్లో ఈ డీప్‌ఫేక్‌లు మొదలైనప్పుడు వేరే దారి లేక అలా చేశారు. ఇప్పుడు ఒక్క ఫోటో మోడల్స్ వేలమంది ముఖాలు చూసి నేర్చుకుని వస్తున్నాయి. నువ్వు రోజుల తరబడి కరెంటు కాల్చాల్సిన పని లేదు. నీ సమస్య ఫోటోది. మంచి కెమెరాతో 4K ఫోటో తియ్యి, పళ్ళు కనిపించేలా నవ్వమను, పుట్టుమచ్చ స్పష్టంగా పడాలి. తర్వాత ముఖాన్ని పదును చేసే CodeFormer వేస్తే క్లోజప్ కూడా నిలబడుతుంది.

గోదారి గట్టు

సుబ్బూ, వైడ్ షాట్ వరకూ నువ్వు చెప్పింది నిజమే. 90 పిక్సెళ్ళ ముఖానికి ట్రైనింగ్ పెట్టుకోవడం దండగ. కానీ 4K ఫోటో మాట మాత్రం నిలబడదు. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఎడిటర్ గారి అసలు సమస్య అక్కడే ఉంది.

inswapper నువ్విచ్చిన ఫోటోని నేరుగా చూడదు. ముందు ఆ ఫోటోలోంచి ముఖాన్ని కత్తిరించి, కళ్ళు, ముక్కు, మూతి ఒక స్థానానికి వచ్చేలా సరిచేసి, 112×112 పిక్సెళ్ళకి కుదిస్తారు. దాన్ని ముఖాలు గుర్తుపట్టే నెట్‌వర్క్‌కి ఇస్తారు, ArcFace అని మీరు వినే ఉంటారు. అది 512 అంకెలు తిరిగి ఇస్తుంది. స్వాప్ చేసే మోడల్‌కి హీరో గురించి అందేది ఆ 512 అంకెలే. నువ్వు 4K ఇచ్చినా, ముఖం స్పష్టంగా ఉన్న మామూలు ఫోటో ఇచ్చినా అది ఆ చిన్న చతురస్రంలోంచే వెళ్ళాలి.

ఆ నెట్‌వర్క్‌ని ఏ పని కోసం ట్రైన్ చేశారో కూడా చూడండి. ఒకే మనిషి నవ్వినా, మూతి ముడుచుకున్నా, ఎండలో ఉన్నా, ట్యూబ్‌లైటు కింద ఉన్నా అంకెలు దాదాపు ఒకేలా రావాలి. అంటే ఫోటో ఫోటోకీ మారేవన్నీ పట్టించుకోకూడదని దానికి నేర్పారు. పళ్ళు సగం ఫోటోల్లో కనపడవు, కాబట్టి మనిషిని గుర్తుపట్టడానికి అవి దానికి పనికిరావు. 112 పిక్సెళ్ళలో పుట్టుమచ్చ ఒకటి రెండు పిక్సెళ్ళు ఉంటుంది, అదీ నమ్మకంగా మిగలదు. కళ్ళ మధ్య దూరం, కనుబొమల తీరు, ముక్కు వాటం లాంటివి మాత్రం నిలుస్తాయి. ఎడిటర్ గారికి హీరో తమ్ముడిలా కనిపించింది అందుకే.

మరి పళ్ళు ఎక్కడివి? స్వాప్ మోడల్‌కి డూప్ ముఖం 128×128 ముక్కగా వెళ్తుంది. నోరు ఎంత తెరిచాడు, వెలుగు ఎటు నుంచి పడుతోంది అన్నవన్నీ అందులోంచే వస్తాయి. పళ్ళు కూడా అంతే, డూప్ నోట్లో ఉన్నవాటికి దగ్గరగానో, మోడల్ తన ట్రైనింగులో ఎక్కువగా చూసిన వరసలోనో వేస్తుంది. సందు గురించి దానికి ఎవరూ చెప్పలేదు.

CodeFormer వేస్తే ఇంకో చిక్కు. 128ని 500కి సాగదీస్తే ముఖం మెత్తగా అయిపోతుంది. CodeFormer ఆ లోటు పూడ్చడానికి చర్మం, రెప్పలు, పళ్ళు తనే కల్పించి వేస్తుంది. ఆ కల్పన ఒక్కో ఫ్రేముకి ఒక్కో రకంగా ఉంటుంది. స్టిల్ ఫోటోలో చూస్తే అద్భుతంగా ఉంటుంది, వీడియో ఆడించగానే పళ్ళు, కనురెప్పలు వణుకుతాయి. ఎడిటర్ గారూ, మీ క్లోజప్‌ని నవ్వు మొదలయ్యే చోటు నుంచి పావు వేగంతో ఒకసారి చూడండి.

బెజవాడ ఎడిటర్

చూశానండీ, మీరన్నట్టే ఉంది. పై పళ్ళు ఒక ఫ్రేములో నాలుగు, తర్వాత ఫ్రేములో అయిదు అవుతున్నాయి. మామూలు వేగంలో అది మెరుపులా కనిపిస్తోంది. నేను కంప్రెషన్ వల్ల అనుకున్నాను.

సుబ్బు టెక్

సరే, ఒక్క ఫోటో చాలకపోతే పది ఫోటోలు ఇవ్వొచ్చు కదా? చాలా టూల్స్‌లో ఆ సదుపాయం ఉంది. పైగా FaceFusionలో పిక్సెల్ బూస్ట్ ఉంది, 128 దగ్గర ఆగిపోనక్కర్లేదు. 256 మోడల్స్ కూడా వచ్చాయి. గోదారి అన్నా, నువ్వు పాత inswapperతోనే పోలుస్తున్నావు.

గోదారి గట్టు

పిక్సెల్ బూస్ట్ నిజంగానే పనికొస్తుంది, అది మంచి మాట. ముఖాన్ని పెద్ద సైజులో తీసుకుని, పిక్సెళ్ళని వంతులవారీగా పంచి కొన్ని 128 ముక్కలు చేసి, ఒక్కోదాన్నీ మోడల్ గుండా పంపి మళ్ళీ కలుపుతుంది. అంచులు, వెంట్రుకలు పదునెక్కుతాయి. కానీ హీరో గురించి అందే సమాచారం పెరగదు, ఆ 512 అంకెలే.

పది ఫోటోలు ఇచ్చినా అంతే. పది ఫోటోల అంకెలూ కలిపి సగటు తీస్తారు. ఒక ఫోటోలో వెలుగు సరిగ్గా లేకో, తల వంగి ఉండో వచ్చిన తేడా తగ్గుతుంది, పోలిక స్థిరంగా ఉంటుంది. మొదట్నుంచీ లెక్కలో లేని పళ్ళ సందు మాత్రం సగటు తీస్తే పుట్టుకురాదు.

లక్ష్మీ నరసాపురం

బాబూ, నాకు ఈ విషయాలు పెద్దగా తెలియవు. మా నాన్నగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయనది 1978 నాటి నలుపు తెలుపు ఫోటో ఒక్కటే ఉంది. మా అమ్మాయి పెళ్ళి వీడియోలో ఆయన కూర్చుని ఆశీర్వదిస్తున్నట్టు పెట్టించాలని ఉంది. మా తమ్ముడు ఆయన పోలికే, వాడు కూర్చుంటే ముఖం మార్చవచ్చా? దీనికి కూడా ట్రైనింగ్ కావాలా?

గోదారి గట్టు

లక్ష్మి గారూ, ఒక్క ఫోటోనే ఉంటే ట్రైనింగ్ కుదరదు. దానికి ఆయన ముఖం రకరకాల కోణాల్లో, రకరకాల భావాలతో కనీసం కొన్ని వందల ఫ్రేములు కావాలి. మీకున్న దారి ఒక్క ఫోటో మోడలే.

అయితే ఒకటి ముందే తెలుసుకోండి. ఈ మార్పిడి కనుబొమల నుంచి గడ్డం దాకా ముఖం మధ్య భాగానికే. తల ఆకారం, నుదురు, చెవులు, జుట్టు, మెడ అన్నీ మీ తమ్ముడి గారివే ఉంటాయి. నలుపు తెలుపు ఫోటో కాబట్టి ఒంటి రంగు కూడా తమ్ముడి గారిదే వస్తుంది. నవ్వు ఆయన నవ్వు కాదు, తమ్ముడి గారి నవ్వు. పోలిక ఉన్న తమ్ముడు కూర్చుంటున్నారు కాబట్టి మిగతావాళ్ళ కంటే మీకు బాగానే రావచ్చు. కెమెరాకి కాస్త దూరంగా, ఎదురుగా కూర్చోబెట్టి, చెయ్యి ముఖానికి అడ్డం రాకుండా తీయించండి. అమ్మగారికి చూపించే ముందు మీరు ఒక్కరే చూసుకోండి.

లక్ష్మీ నరసాపురం

సరే బాబూ. అమ్మకి ముందే చెప్పి, ఆవిడ సరేనంటేనే చేయిస్తాను.

ఎంటెక్ వరుణ్

సర్, నేను హైదరాబాద్‌లో డీప్‌ఫేక్ డిటెక్షన్ మీద ప్రాజెక్టు చేస్తున్నాను. నాదొక సందేహం. నేను రెండు పద్ధతుల్నీ పోల్చడానికి ఇలా లెక్క వేస్తున్నాను:

```python
import cv2
from insightface.app import FaceAnalysis

app = FaceAnalysis(name="buffalo_l")
app.prepare(ctx_id=0, det_size=(640, 640))

a = app.get(cv2.imread("hero.jpg"))[0].normed_embedding
b = app.get(cv2.imread("swap.png"))[0].normed_embedding
print(float(a @ b))
```

నా టెస్టుల్లో ఒక్క ఫోటో మోడల్‌కే ఎక్కువ స్కోరు వస్తోంది, జంటగా ట్రైన్ చేసినదానికి తక్కువ. మీరు చెప్పేదానికి ఇది వ్యతిరేకంగా ఉంది కదా?

గోదారి గట్టు

వరుణ్, నువ్వు పరీక్ష పెట్టిన కొలబద్ద, ఆ మోడల్ వాడుకునే కొలబద్ద ఒకటే. నీ కోడ్‌లోని `normed_embedding`నే inswapperకి హీరో గుర్తింపుగా ఇస్తారు. ఈ తరహా మోడల్స్‌ని ట్రైన్ చేసేటప్పుడే అవుట్‌పుట్ అంకెలు ఫోటో అంకెలకి దగ్గరగా రావాలని లాస్‌లో, అంటే తప్పు ఎంతో కొలిచే లెక్కలో పెడతారు. అలాంటప్పుడు దానికి మంచి స్కోరు రావడంలో వింతేముంది? జంట మోడల్ ఆ అంకెల్ని ఎప్పుడూ చూడలేదు. అది నేర్చుకున్నది హీరో పిక్సెళ్ళని.

స్కోరు కావాలంటే కనీసం వేరే చోట, వేరే డేటాతో ట్రైన్ అయిన గుర్తింపు మోడల్ వాడు. ఇంకా మంచిది, హీరోని రోజూ చూసేవాళ్ళకి రెండు క్లిప్పులూ పేర్లు చెప్పకుండా చూపించి అడగడం. పళ్ళ సందు పోయిన సంగతి స్కోరుకి తెలియదు, ఆయన చెల్లెలికి తెలుస్తుంది.

ఎంటెక్ వరుణ్

అర్థమైంది సర్. ఇంకోటి. FaceForensics++ డేటాసెట్‌లో Deepfakes అనే భాగం జంట జంటకీ విడిగా ట్రైన్ చేసిందే కదా. దాని మీద బాగా పనిచేసే నా డిటెక్టర్ inswapper వీడియోల మీద ఘోరంగా పడిపోతోంది. రెండూ ఫేస్ స్వాపే అయినా ఆనవాళ్ళు వేరా?

గోదారి గట్టు

వేరేగానే ఉంటాయి. కానీ నీ డిటెక్టర్ దేన్ని పట్టుకుంటోందో చూడకుండా నేను కారణం చెప్పలేను. అంచు దగ్గర అతుకునా, ముఖానికీ మిగతా ఫ్రేముకీ పదునులో ఉన్న తేడానా, డీకోడర్ వేసే జాలీనా? అతుకు మసక చేసి, మొత్తం ఫ్రేమ్‌ని మళ్ళీ కంప్రెస్ చేసి పరీక్షించు. అప్పుడు జంట మోడల్ వీడియోల మీద కూడా పడిపోతే అది అతుకునే పట్టుకుంటోందన్నమాట. దీనికి ఇంకో త్రెడ్ తెరువు, ఎడిటర్ గారి ప్రశ్న పక్కకి పోతోంది.

బెజవాడ ఎడిటర్

గోదారి గారూ, అయితే క్లోజప్‌కి ట్రైనింగే అంటారు. అందులో పళ్ళ సందు ఎలా వస్తుంది? హీరోవి పాత ఫుటేజ్ చాలా ఉంది, రెండేళ్ళ క్రితం చేసిన సినిమాది. అందులో క్లీన్ షేవ్. ఇప్పుడు గడ్డం. అది వాడొచ్చా?

గోదారి గట్టు

ముందు పద్ధతి చెప్తాను, అప్పుడు పాత ఫుటేజ్ ఎందుకు వద్దో మీకే తెలుస్తుంది.

జంట మోడల్‌లో ముఖాన్ని అంకెలుగా కుదించే ఎన్‌కోడర్ ఇద్దరికీ ఒక్కటే, ఆ అంకెల్లోంచి మళ్ళీ ముఖం వేసే డీకోడర్లు రెండు. హీరో ముఖాలు ఎన్‌కోడర్ గుండా వెళ్ళి హీరో డీకోడర్‌లో మళ్ళీ హీరోగా బయటికి రావాలి. డూప్‌వి అదే ఎన్‌కోడర్ గుండా వెళ్ళి డూప్ డీకోడర్‌లో డూప్‌గా రావాలి. ఎన్‌కోడర్ ఇద్దరికీ పనికొచ్చేలా రాయాలి కాబట్టి తల ఎటు తిరిగింది, నోరు ఎంత తెరిచింది, వెలుగు ఎటుంది లాంటివి రాసుకుంటుంది. హీరోకే చెందినవి హీరో డీకోడర్ బరువుల్లో కూర్చుంటాయి. పళ్ళ సందు, పుట్టుమచ్చ అక్కడ ఉంటాయి. చివర్లో డూప్ ముఖం ఇచ్చి హీరో డీకోడర్‌లోంచి తీస్తాం, అదే స్వాప్.

దీని బలం, బలహీనత రెండూ ఒకటే. హీరో డీకోడర్ చూసినదే వేయగలదు. పెద్దగా నవ్విన ఫ్రేములు లేకపోతే ఆ నవ్వులో పళ్ళు తెల్లటి పట్టీలాగే ఉంటాయి. సగం ఫ్రేముల్లో గడ్డం, సగంలో క్లీన్ షేవ్ అయితే ఏది ఎప్పుడు వేయాలో దానికి తెలియదు, దవడ మీద బూడిద రంగు మసక వస్తుంది. అందుకే పాత సినిమా ఫుటేజ్ కలపకండి. మేకప్ వాళ్ళు పుట్టుమచ్చ కప్పేసిన సీన్లుంటే అవీ తీసేయండి.

అన్నిటికంటే ఎక్కువమందిని దెబ్బతీసేది వెలుగు. హీరోవన్నీ గదిలో తీసినవి, డూప్‌వన్నీ సాయంత్రం ఎండలో తీసినవి అనుకోండి. ఒక పక్క నుంచి ఎర్రటి ఎండ పడే ముఖం హీరో డీకోడర్ ఎప్పుడూ వేయలేదు. అప్పుడు సాయంత్రపు ఫ్రేములో గది వెలుగు ముఖం వచ్చి కూర్చుంటుంది. కలర్ ట్రాన్స్‌ఫర్ రంగు సర్దుతుంది గానీ ముక్కు నీడని ఇటు నుంచి అటు మార్చలేదు.

మీ హీరో అందుబాటులోనే ఉన్నారు కదా? అదే గట్టు మీద, అదే టైముకి, అదే గడ్డంతో పది నిమిషాలు తీయండి. మెల్లగా ఎడమ నుంచి కుడికి, పైకి, కిందికి తల తిప్పమనండి. మాట్లాడించండి, నవ్వించండి, మూతి బిగించమనండి, కళ్ళు మూయించండి. సూర్యుడికి ఎదురుగా ఒకసారి, పక్కగా రెండు వైపులా ఒక్కోసారి. అందులోంచి మసకవి, కళ్ళు సగం మూసినవి ఎక్కువైతే అవి తీసేసి నాలుగైదు వేల ముఖాలు మిగిల్తే మీ షాట్‌కి ఎక్కువే.

డల్లాస్ రఘు

ఇక్కడ మూడో దారి ఒకటి మర్చిపోతున్నారు. నేను డీప్‌ఫేస్‌లైవ్‌కి మోడల్ చేసుకున్నాను, నా సొంత ముఖంతోనే, ఆన్‌లైన్ పాఠాల కోసం. అందులో జంట కాదు, ఒక్క మనిషికి ఒక మోడల్. సోర్స్‌లో నా ముఖం, డెస్టినేషన్‌లో వేలమంది ముఖాలున్న RTM ఫేస్‌సెట్ పెట్టి ట్రైన్ చేస్తారు. ఒకసారి అయ్యాక ఎవరి ముఖం మీదైనా నా ముఖం వేస్తుంది. ఎడిటర్ గారు ఇలా చేసుకుంటే రేపు డూప్ మారినా మళ్ళీ ట్రైన్ చేయనక్కర్లేదు.

గోదారి గట్టు

రఘు గారూ, సిరీస్ తీస్తుంటే నేనూ అదే చెప్పేవాణ్ణి. అక్కడ ఎన్‌కోడర్ వేలమందికి సర్దుకోవాలి, కాబట్టి ట్రైనింగ్ చాలా ఎక్కువ సేపు పడుతుంది, ఒక్క డూప్ మీద వచ్చేంత కచ్చితత్వమూ రాదు. వీళ్ళకి ఒకే డూప్, ఒకే సాయంత్రం, 1080 ఫ్రేములు. మోడల్ ఆ 1080 ఫ్రేముల్ని క్షుణ్ణంగా నేర్చుకుంటే చాలు, ఇంకో షాట్‌కి పనికిరాకపోయినా నష్టం లేదు.

డల్లాస్ రఘు

కచ్చితత్వం రాదన్న మాటతో నేను ఏకీభవించను. RTM మోడల్‌ని చివర్లో ఈ డూప్ ఫ్రేముల మీద కొంచెంసేపు ట్రైన్ చేస్తే రెండు లాభాలూ వస్తాయి. నేను నా తమ్ముడి వీడియో మీద చేసి చూశాను.

గోదారి గట్టు

అలా చేయొచ్చు. చెయ్యి తిరిగినవాళ్ళకి అది మంచి దారే. మొదటిసారి చేసేవాళ్ళకి రెండు దశల్లో ఏది ఎక్కడ చెడిందో తెలుసుకోవడం కష్టమని నా అభిప్రాయం.

బెజవాడ ఎడిటర్

రఘు గారూ, అది తర్వాతి ప్రాజెక్టుకి దాచుకుంటాను. మొన్న సాయంత్రం గట్టు మీద హీరోని మీరు చెప్పినట్టే తీశాం. ట్రైనింగ్ మొదలుపెట్టాను. డీప్‌ఫేస్‌ల్యాబ్‌లో SAEHD మోడల్, రిజల్యూషన్ 256, ఫేస్ టైప్ wf, ఆర్కిటెక్చర్ df-ud. ప్రివ్యూలో చివరి నిలువు వరసలో హీరో పోలిక వచ్చేసింది గానీ పళ్ళు ఇంకా ఒకే తెల్ల ముక్క. లాస్ తగ్గడం దాదాపు ఆగిపోయింది. ఎక్కడో తప్పు చేస్తున్నానని టెన్షన్‌గా ఉంది.

గోదారి గట్టు

లాస్ అంకె చూసి కంగారు పడకండి. random warp ఇంకా ఆన్‌లోనే ఉంది కదా? అది ఆన్‌లో ఉన్నంతసేపు మోడల్‌కి ముఖాన్ని కొంచెం వంకర చేసి ఇచ్చి, సరైన ముఖం వేయమంటారు. డూప్ భావాలు హీరో ముఖంలోకి బాగా రావడానికి ఆ దశ కావాలి. కానీ పళ్ళ మధ్య గీత, పుట్టుమచ్చ లాంటి సన్నటివి ఆ దశలో పూర్తిగా తేలవు.

ప్రివ్యూలో మొదట రెండో నిలువు వరస చూడండి, అది హీరో నుంచి హీరోకే. అందులో నవ్వే ఫ్రేముల్లో పళ్ళు విడివిడిగా కనపడటం మొదలైతే డీకోడర్ నేర్చుకుంటోందన్నమాట. చివరి వరసలో మాత్రమే పళ్ళు కలిసిపోతుంటే డూప్ నవ్వు లాంటి నవ్వు హీరో ఫ్రేముల్లో లేదని అర్థం. రెండింటిలోనూ లేకపోతే ఇంకా ఆగాలి. వార్ప్ ఆపాక ఒకటి రెండు రోజులు ఆడనివ్వండి. సన్నటి గీతలకి పదును పెట్టే GAN అన్నిటికంటే చివర. ముందే వేస్తే లేని గీతల్ని గట్టిపరుస్తుంది.

అరచేత్తో మూతి తుడుచుకునే ఫ్రేములకి XSeg మాస్క్ మీరే గీయాలి. చెయ్యి వచ్చిన చోటల్లా వేళ్ళు మాస్క్ బయట ఉండేలా ఓ 30, 40 ఫ్రేములు గీసి ట్రైన్ చేయండి. లేకపోతే వేళ్ళ మీద మీసం మొలుస్తుంది.

సుబ్బు టెక్

FaceFusionలో ఆక్లూజన్ మాస్క్ తనే చెయ్యిని వదిలేస్తుంది, గీసే పని లేదు. ఇది మాత్రం ఒప్పుకో అన్నా.

గోదారి గట్టు

ఒప్పుకుంటాను సుబ్బూ, చాలా చోట్ల బాగా పట్టుకుంటుంది. చెయ్యి వేగంగా కదిలి మసకైన ఫ్రేముల్లో మాత్రం జారుతుంది. అందుకే గీయమన్నాను.

బెజవాడ ఎడిటర్

అప్‌డేట్. వార్ప్ ఆపాక పళ్ళ సందు స్పష్టంగా వచ్చింది. పుట్టుమచ్చ కూడా వచ్చింది, అసలు కంటే కొంచెం లేతగా ఉంది. క్లోజప్ అయిపోయినట్టే. హీరో వాళ్ళ అమ్మగారికి ఏమీ చెప్పకుండా చూపిస్తే బైక్ ఎప్పుడు నేర్చుకున్నావురా అని అడిగారట.

వైడ్‌కి inswapperదే ఉంచేశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేడా తెలియలేదు. మిడ్ షాట్ మాత్రం రెండిటితోనూ పాడైంది. తల పూర్తిగా పక్కకి తిరిగేసరికి ముక్కు అంచు దగ్గర ముఖం అటూ ఇటూ ఊగుతోంది. హీరోవి ప్రొఫైల్ ఫ్రేములు చాలానే ఉన్నాయి, అయినా అలాగే ఉంది.

గోదారి గట్టు

అది ట్రైనింగ్ లోపం కాకపోవచ్చు. ప్రొఫైల్‌లో ఒక కన్ను, సగం మూతి కనపడవు. ల్యాండ్‌మార్కులు పెట్టే మోడల్ వాటి స్థానం ఊహిస్తుంది, ఆ ఊహ ఫ్రేము ఫ్రేముకీ మారుతుంది. ముఖాన్ని కత్తిరించే చతురస్రమే ఊగుతుంటే దాంట్లో ఏ మోడల్ వేసినా ఊగుతుంది. ఒక్క ఫోటోకీ, జంట ట్రైనింగ్‌కీ ఇక్కడ గతి ఒకటే. `data_dst` డీబగ్ ఫోల్డర్‌లో ఆ ఫ్రేములు తెరిచి చూడండి. పచ్చ చుక్కలు ముక్కు దాటి గాల్లో ఉంటే ఆ ఫ్రేములు చేత్తో మళ్ళీ ఎక్స్‌ట్రాక్ట్ చేయండి.

డల్లాస్ రఘు

లేదా తల పూర్తిగా తిరగకముందే కట్ చేయండి. ప్రొఫైల్‌లో డూప్ ముఖమే ఉంచేసినా ఆ అర సెకనులో ఎవరికీ తెలియదు.

బెజవాడ ఎడిటర్

ఎడిటర్‌గా నాకు ఆ చూపు పూర్తిగా కావాలి రఘు గారూ, వెనక ఎవరో వస్తున్నారన్న భయం అందులోనే ఉంది. చేత్తోనే సరిచేస్తాను.

మోడరేటర్ శారద

ఒక విషయం మిగిలింది. వైడ్ షాట్‌లో inswapper ఉంచేశానన్నారు. ఆ మోడల్ వ్యాపారేతర పరిశోధనకే అని InsightFace వాళ్ళు రాశారు. సినిమాని డబ్బు వచ్చే చోట పెడితే ఆ షాట్ సంగతేమిటి?

సుబ్బు టెక్

అయితే జంట మోడల్ సొంతంగా ట్రైన్ చేసిందే కాబట్టి దానికి ఇబ్బంది లేదనమాట.

గోదారి గట్టు

అంత తేలిగ్గా చెప్పలేం సుబ్బూ. డీప్‌ఫేస్‌ల్యాబ్‌లో ప్రీట్రైన్‌కి, అంటే మీ ఇద్దరి ముఖాల కంటే ముందు మోడల్‌కి నేర్పడానికి వచ్చే ముఖాలు FFHQవి, ఆ డేటాసెట్ లైసెన్సు కూడా వ్యాపారానికి వీల్లేదనే ఉంది. ప్రీట్రైన్ లేకుండా సున్నా నుంచి మొదలుపెడితే ఆ ప్రశ్న రాదు, టైము ఎక్కువ పడుతుంది. ప్రీట్రైన్ చేసిన మోడల్‌తో తీసిన ఫ్రేములకి ఆ షరతు వర్తిస్తుందా లేదా అన్నది లాయర్ చెప్పాలి. ఎడిటర్ గారూ, మీది ప్రీట్రైన్‌తోనేనా?

బెజవాడ ఎడిటర్

అవునండీ, ప్రీట్రైన్‌తోనే. ఫిల్మ్ ఫెస్టివల్స్‌కి పంపడం వరకే ఇప్పుడు అనుకుంటున్నాం, యూట్యూబ్‌లో పెట్టే ముందు లాయర్‌ని అడుగుతాను. వైడ్ షాట్ మాత్రం ఎలాగూ హీరో ఫ్రేములున్నాయి కాబట్టి ఈ మోడల్‌తోనే మళ్ళీ మెర్జ్ చేసేస్తాను.